అద్దె ఫ్లాటు కిటికీకి దోమల జాలీ: మేకు కొట్టకుండా, ఖాళీ చేసేటప్పుడు పీకేసేలా

కొత్తకాపురం (శనివారం ఉదయం 8:40)

శ్రీకాకుళం పాలకొండ రోడ్డు దగ్గర రెండో అంతస్తు అద్దె ఫ్లాటు. పడకగది కిటికీ పడమర వైపు. చెక్క ఫ్రేము, లోపలి వైపు గ్రిల్లు, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. సాయంత్రం రెక్కలు తీస్తే గాలి బాగా వస్తుంది, దాంతోపాటే దోమలూ. ఓనరు గారు మేకు, స్క్రూ, డ్రిల్లు ఏదీ వద్దన్నారు. వెల్‌క్రో అంటించి జాలీ తగిలిద్దామనుకుంటున్నాను. నెల తిరక్కుండానే ఊడిపోతుందని కొందరంటున్నారు. గ్రిల్లు సందు (అంటే ఫ్రేము లోపలి ఖాళీ) 44 అంగుళాల వెడల్పు, 46 ఎత్తు. చుట్టూ ఫ్రేము చెక్క రెండున్నర అంగుళాలు కనిపిస్తోంది. ఏం కొనాలి, ఎంత కొనాలి?

మూడులాంతర్లు (8:55)

ఇందులో పెద్ద పనేం లేదండీ. గమ్ వెల్‌క్రో జత కొనండి. ఒకటి జాలీకి, ఒకటి ఫ్రేముకి. రెండూ కలిపి ఉంచి, వెనక కాగితం తీసి ఒకేసారి ఫ్రేముకి అదిమేయండి. వంకర రాదు, గంటలో పని అయిపోతుంది. అంటించే ముందు ఫ్రేముని థిన్నరుతో తుడవండి, జిడ్డంతా పోతుంది.

బలగ_బాల్కనీ (9:02)

పావురాల జాలీ గురించేనా? మా బాల్కనీకి కావాలి, పది అడుగుల పొడవు. నైలాను వల అయితే ఎన్నేళ్లు వస్తుంది?

కొత్తకాపురం (9:05)

కాదండీ, దోమలకి. పడకగది కిటికీకి.

రిటైర్డ్_ఓవర్సీర్ (9:48)

మూడులాంతర్లు గారు చెప్పిన దాంట్లో సగం పనికొస్తుంది, సగం నష్టం చేస్తుంది. ముందు థిన్నరు సంగతి. ఫ్రేముకి ఎనామిల్ పెయింటు ఉంటే థిన్నరు ఆ పెయింటునే మెత్తబరుస్తుంది. మెత్తబడిన పెయింటు మీద అంటించిన గమ్ రేపు పెయింటుతో సహా ఊడొస్తుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. ముందు సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక, స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడవండి. అయితే ఫ్రేముకి పెయింటు కాకుండా పాతకాలపు లక్క పాలిష్ ఉంటే స్పిరిట్ కూడా వద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, తుడిచిన చోట తెల్లబడుతుంది. అలాంటి ఫ్రేముకి సబ్బునీళ్లతోనే సరిపెట్టండి.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. రెండంగుళాల వెల్‌క్రో ముక్క ఫ్రేము కింద మూల అంటించి, ఒక రోజు ఆగి లాగి చూడండి. పెయింటు పొర లేచి వస్తే ఆ ఫ్రేము మీద వెల్‌క్రో పెట్టకూడదు. ఎంత మంచి కంపెనీ గమ్ కొన్నా గమ్ అంటుకునేది పెయింటుకే, చెక్కకి కాదు. కింద పొర వదులైతే పైన ఏం చేసినా నిలవదు. చాలామంది గమ్‌ని తిట్టుకునేది ఇందుకే.

సున్నం గోడ, డిస్టెంపర్ గోడ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ గమ్ అంటుకునేది పొడికి. వేలితో రాస్తే తెల్లగా అంటుకుంటే అక్కడ వెల్‌క్రో మాట మరిచిపోండి.

కొత్తకాపురం (10:10)

ఎనామిలే సార్, మెరుస్తోంది, పొడి రావడం లేదు. ముక్క ఇప్పుడే అంటించాను. కొలతలు చెప్తారా?

రిటైర్డ్_ఓవర్సీర్ (10:42)

మీ కొలతలతోనే లెక్క వేద్దాం. అంగుళం వెడల్పు వెల్‌క్రో తీసుకోండి. ఫ్రేము మీద, సందు అంచు నుంచి పావంగుళం వదిలి, పెన్సిలుతో గీత గీయండి. వెల్‌క్రో లోపలి అంచు ఆ గీత మీదికి రావాలి. అప్పుడు దాని బయటి అంచు సందుకి అంగుళం పావు దూరంలో ఉంటుంది. అంటే ఫ్రేము మీద బయటి చదరం వెడల్పు 44కి రెండున్నర కలిపితే 46న్నర, ఎత్తు 48న్నర.

జాలీని మాత్రం కుట్టాక 47 బై 49 ఉండేలా చెయ్యండి. అంటే నాలుగు పక్కలా పావంగుళం వదులు. ఈ వదులే ప్రాణం. జాలీ బిగుతుగా ఉంటే అది రాత్రీ పగలూ గమ్‌ని లోపలికి లాగుతూనే ఉంటుంది. పడమర ఎండకి గమ్ మెత్తబడగానే పట్టీ కొంచెం కొంచెం జారుతుంది. వారం పదిరోజుల్లో పట్టీ పక్కన గమ్ గీత సన్నగా కనిపిస్తే అది జారుడే, జాలీ బిగుతైందని అర్థం.

చుట్టూ అరంగుళం మడత కలుపుకుంటే కోత కొలత 48 బై 50. నాలుగడుగుల పన్నా జాలీ సరిగ్గా 48 అంగుళాలు. కాబట్టి నాలుగడుగుల రోలు నుంచి నాలుగున్నర అడుగుల ముక్క అడగండి. మడత అంగుళం తీసుకుంటే పన్నా చాలదు, ఐదడుగుల రోలు కొనాల్సి వస్తుంది, మిగిలినదంతా వృథా.

వెల్‌క్రో: రెండు సార్లు 47 ప్లస్ 49, అంటే 192 అంగుళాలు, పదహారు అడుగులు. ఐదు మీటర్లు కొంటే సరిపోతుంది. ఫ్రేముకి గరుకు పట్టీ గమ్ ఉన్నది, జాలీకి మెత్తటి పట్టీ గమ్ లేనిది కావాలి. గమ్ ఉన్నది ఒక షాపులో, గమ్ లేనిది టైలరింగ్ సామాను అమ్మే చోట దొరుకుతాయి. రెండు చోట్లా జతగానే ఇస్తారు, ఒక్కో దాంట్లో సగం మిగిలిపోతుంది. పెద్ద ఖర్చు కాదు.

సూదీదారం (11:20)

కుట్టే సంగతి నేను చెప్తాను. గమ్ ఉన్న పట్టీని మిషన్ మీద కుట్టకండి. గమ్ సూదికి అంటుకుని, దారం తెగుతూ, కుట్టు వదిలేస్తూ పోతుంది. గమ్‌తో జాలీకి అంటించడమూ పనికిరాదు. జాలీలో ఉన్నది ఎక్కువ రంధ్రమే కదా, గమ్‌కి పట్టు దొరకదు. పైగా రంధ్రాల్లోంచి బయటికి వచ్చిన గమ్ దుమ్ము పట్టి నల్లటి అంచు వేస్తుంది.

జాలీ పాలిస్టరుది అడగండి. ఫైబర్ గ్లాస్ జాలీ గట్టిగానే ఉంటుంది గానీ కత్తిరిస్తే పోగులు రాలతాయి, చేతులకి దురద పెడుతుంది, సూది గుచ్చుకున్న చోట పోగు విరుగుతుంది. ఫ్రేములో బిగించే పనికి అది సరే, కుట్టు పనికి పాలిస్టరు హాయి. 16 నంబరు సూది, పెద్ద కుట్టు పెట్టండి. అంచు అరంగుళం మడిచి, మడత మీద మెత్తటి పట్టీ పెట్టి, పట్టీ రెండు అంచులూ కుట్టండి. మధ్యలో ఒక్క కుట్టు వేస్తే పట్టీ అంచులు పైకి ముడుచుకుంటాయి. కుట్టేటప్పుడు జాలీని చేత్తో లాగకండి. లాగి కుడితే తర్వాత ముడతలు పడి, ఓవర్సీర్ గారు చెప్పిన వదులు అంతా అందులోనే పోతుంది.

మూలల్లో పట్టీని వంచి తిప్పకండి. ఒక పట్టీ మూల దాకా వెళ్లాలి, రెండోది దానికి ఆనుకుని మొదలవ్వాలి, మధ్యలో సందు లేకుండా. దోమకి అగ్గిపుల్ల పట్టేంత సందు చాలు.

మిషన్ లేకపోతే వీధి చివర టైలరుకి ఇస్తే సరి. పావుగంట పని.

మూడులాంతర్లు (11:41)

సరే థిన్నరు వద్దు. కానీ రెండూ కలిపి ఒకేసారి అంటిస్తే తప్పేముంది? యూట్యూబులో అందరూ అలాగే చేస్తున్నారు.

రిటైర్డ్_ఓవర్సీర్ (12:15)

వంకర రాకుండా ఉంటుందన్నది నిజమే. చిక్కు ఏమిటంటే, అలా అంటించినప్పుడు మీ వేలి ఒత్తిడి జాలీని, మెత్తటి పట్టీని, గరుకు పోగుల్ని దాటి గమ్ దాకా చేరేది కొంచెమే. రెండోది, గమ్ పూర్తి పట్టుకి రావడానికి ఒక రోజు పడుతుంది. ఆ లోపలే జాలీ బరువు, గాలి తోపు దాని మీద పడతాయి.

కాబట్టి వచ్చే శనివారం గరుకు పట్టీ ఒక్కటే ఫ్రేముకి అంటించండి. చెంచా వెనక భాగంతో ప్రతి అంగుళం గట్టిగా రుద్దండి. ఎండ ఫ్రేము మీద పడుతున్నప్పుడు కాకుండా ఉదయం పూట చెయ్యండి. వాన పడిన రోజు చెక్క చెమ్మగా ఉంటే ఆ పని ఆపేయండి. ఆదివారం జాలీ తగిలించండి. ముందు పైపట్టీ మధ్యలోంచి మొదలుపెట్టి రెండు మూలలకి, తర్వాత పక్కలు, చివరికి కింద. పై మూల నుంచి మొదలుపెడితే వదులంతా ఎదుటి మూలకి చేరి అక్కడ ముడత పడుతుంది.

గమ్ ఎంచుకోవడంలో ఒక గుర్తు: కాగితం కొంచెం లేపి వేలితో తాకండి. పసుపు రంగులో ఉండి, వేలికి తీగలా సాగితే అది ఎండకి త్వరగా మెత్తబడే రకం. తూర్పు కిటికీకి పర్వాలేదేమో గానీ మీ పడమర కిటికీకి వద్దు. నీళ్లలా తేటగా ఉండి, సాగకుండా గట్టిగా పట్టేది తీసుకోండి. మొదట పట్టు తక్కువ అనిపిస్తుంది, రోజు గడిచాక అదే నిలుస్తుంది.

కొత్తకాపురం (12:40)

ఒక అనుమానం. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కదా. వాన వస్తే గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి కొక్కెం తీసి రెక్క లాక్కోవాలి. జాలీ లోపల ఉంటే ఎలా?

రిటైర్డ్_ఓవర్సీర్ (13:05)

మంచి ప్రశ్న. ఊడిపోవడానికి అసలు కారణం అక్కడే ఉంటుంది. రోజూ ఒకే మూల లాగుతారు, రోజూ కొంచెం గమ్ లేస్తుంది.

కొక్కేలు కింద ఉంటాయి కాబట్టి మీకు చేతికి అందే కింది మూల ఒకటి ఎంచుకోండి. ఆ మూల నుంచి పక్కకి ఒక అడుగు, పైకి ఒక అడుగు మేరకి జాలీకి కుట్టే మెత్తటి పట్టీని అరంగుళం వెడల్పుదే పెట్టండి. ఫ్రేము మీద మాత్రం అంగుళం గరుకు పట్టీయే ఉండాలి. అప్పుడు రెండు పట్టీల పట్టు సగమే, గమ్ పట్టు మొత్తం. లాగినప్పుడు విడేది వెల్‌క్రో, గమ్ కాదు. ఆ మూలకి గుడ్డతో రెండంగుళాల చెవి కుట్టించుకోండి. చెవి పట్టుకుని ఎదురుగా మీ వైపు లాగకండి. ఫ్రేముకి ఆనించి వెనక్కి మడుస్తూ చాప చుట్టినట్టు తియ్యండి.

అరంగుళం పట్టీ దొరక్కపోతే అంగుళం పట్టీని కత్తెరతో నిలువునా రెండుగా చెయ్యండి, మెత్తటి దానికి ఏం కాదు.

సూదీదారం (13:20)

నిలువునా కత్తిరిస్తే ఒక అంచు పోగులు వదులుతుంది అన్నయ్యా. కత్తిరించిన వైపు కొవ్వొత్తి మంటకి దూరం నుంచి చూపిస్తే అంచు కరిగి గట్టిపడుతుంది. మరీ దగ్గరగా పెడితే నల్లబడి గట్టి ముద్ద కడుతుంది, సూది దిగదు.

ఓనరమ్మ_విజయనగరం (15:10)

నేను ఓనర్ని. మా వైపు మాట కూడా వినండి బాబూ. వెల్‌క్రో పెడితే మాకేటి అభ్యంతరం లేదు, ఖాళీ చేసినప్పుడు అది మా నెత్తి మీద వదిలేసి పోతేనే బాధ. పట్టీ లాగేస్తారు, గమ్ అలాగే ఉంటాది, దాని మీద దుమ్ము చేరి నల్లగా గీతలు గీతలు. పెయింటరు వచ్చి దాని మీదే పెయింటు వేస్తే అక్కడ బుడగలు వస్తాయి. అద్దెకున్నవాళ్లు పోయారు, అడ్వాన్సు ఇచ్చేశాం, ఇంకెవర్ని అడుగుతాం? అంటించే ముందే ఫోటో తీసి మాకు చూపించండి, తీసేశాక మళ్లీ చూపించండి. అలాగ చేస్తే ఏ ఓనరూ వద్దనడు.

రిటైర్డ్_ఓవర్సీర్ (15:52)

సబబైన మాట అమ్మా. తీసే పద్ధతి ఇదీ. చల్లటి గమ్‌ని లాగితే పెయింటు లేస్తుంది, కాబట్టి వేడి చెయ్యాలి. హెయిర్ డ్రయ్యరు అరచెయ్యి దూరంలో పెట్టి ఒక అడుగు పట్టీని అర నిమిషం వేడి చేసి, పట్టీని దాని మీదికే వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగండి. నిటారుగా మీ వైపు లాగితే పెయింటు పెచ్చు లేచే అవకాశం ఎక్కువ. డ్రయ్యరు లేకపోతే మధ్యాహ్నం మూడు గంటలకి, పడమర ఎండ ఫ్రేము మీద ఉన్నప్పుడు తియ్యండి, అదే పని చేస్తుంది.

మిగిలిన గమ్‌కి నీలగిరి తైలం. గుడ్డకి అద్ది గమ్ మీద రెండు నిమిషాలు ఆనించి, తర్వాత రుద్దండి, ఉండలు కట్టి వస్తుంది. ముందు కనబడని మూలలో ఒకసారి చూసుకోండి. కొబ్బరి నూనె కూడా పని చేస్తుంది, కాకపోతే నెమ్మది. ఆఖర్న సబ్బునీళ్లతో జిడ్డు పోయేలా తుడవండి, లేకపోతే అమ్మ గారు చెప్పినట్టు తర్వాతి పెయింటు పట్టదు. నూనె ఏదైనా గోడకి తగలకూడదు, డిస్టెంపర్ మీద పడిన మరక పోదు.

ఆమదాలవలస_అద్దెకొంప (17:30)

మాది పాత ఇల్లు, ఫ్రేముకి పెయింటు పెచ్చులు పెచ్చులుగా ఉంది, చుట్టూ సున్నం గోడ. ఓవర్సీర్ గారి పరీక్ష ప్రకారం వెల్‌క్రో కుదరదు. మా లాంటి వాళ్లకి దారి ఉందా? ఫ్రేము గోడకి బయటి వైపు ఉంది, లోపల నాలుగైదు అంగుళాల గూడు ఉంది.

రిటైర్డ్_ఓవర్సీర్ (18:20)

గూడు ఉండటం మీ అదృష్టం. గమ్ లేకుండానే కుదురుతుంది. అరంగుళం పీవీసీ నీళ్ల పైపు, నాలుగు ఎల్బోలు, మధ్యలో అడ్డ పైపుకి రెండు టీలు తీసుకోండి. గూడు కొలతకి వెడల్పులో, ఎత్తులో అరేసి అంగుళం తక్కువగా చదరం కట్టండి. చుట్టూ మిగిలే పావంగుళం సందులో తలుపులకి అంటించే ఫోమ్ పట్టీ వస్తుంది. ఆ పట్టీని గోడకి కాదు, పైపుకి అంటించండి. ఫోమ్ నొక్కుకుని చదరం గూట్లో బిగుసుకుంటుంది.

పైపు కోతలో అందరూ తడబడే చోటు ఒకటే. ఎల్బో కొంత కొలత కలుపుతుంది. ఆ లెక్క కాగితం మీద వెయ్యకండి. ఒక చిన్న పైపు ముక్కకి రెండు చివర్లా ఎల్బోలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. అందులోంచి పైపు ముక్క పొడవు తీసేస్తే వచ్చేది మీ తగ్గింపు. నిలువు పక్కలకి మధ్యలో టీ కూడా పెట్టి ఇలాగే కొలవండి. సొల్యూషన్ వెయ్యకండి, ఉత్తగా దూర్చితే చాలు. ఇల్లు మారితే విప్పి కట్ట కట్టి తీసుకుపోవచ్చు.

జాలీని పైపు మీదుగా తిప్పి, ముప్పావు అంగుళం తోట పైపుని రెండంగుళాల ముక్కలు కోసి, నిలువునా చీల్చి, క్లిప్పుల్లా తొడగండి. జానెడుకి ఒకటి చొప్పున. తోట పైపు మరీ మెత్తటిదైతే పట్టదు, గట్టి రకం చూసి కొనండి. అడ్డ పైపు లేకపోతే నాలుగడుగుల నిలువు పైపులు జాలీ లాగుడికి లోపలికి వంగి నడుము దగ్గర సందు వస్తుంది. దోమలు అక్కడే దూరతాయి. ఫోమ్ కూడా అక్కడే ఖాళీగా ఉంటుంది, టార్చి వేస్తే వెలుతురు గీత కనిపిస్తుంది.

మూడులాంతర్లు (18:45)

గాలి గట్టిగా వీస్తే ఈ చదరం గదిలోకి పడిపోదా? ఫోమ్ ఒక్కటే ఆపుతుందంటే నాకు నమ్మకం లేదు.

రిటైర్డ్_ఓవర్సీర్ (19:02)

మామూలు గాలికి ఆగుతుంది. ఈదురు గాలికి ఆగదు, వెల్‌క్రో కూడా ఆగదు. రెండింట్లోనూ గాలి తోసేది లోపలికే. అయినా గాలీవానకి రెక్కలు మూసుకోవడమే కదా. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను లాంటిది వస్తోందని చెప్పినప్పుడు జాలీని ముందే తీసి మడిచి పెట్టుకోవాలి. కావాలంటే చదరాన్ని రెండు చోట్ల గ్రిల్లుకి తాడుతో కట్టండి.

బలగ_బాల్కనీ (19:15)

గరుకు పట్టీ ఫ్రేముకే ఎందుకు? కర్టెన్లు దానికి పట్టుకుని పోగులు లేస్తాయి కదా. మెత్తటిది ఫ్రేముకి, గరుకుది జాలీకి పెడితే?

సూదీదారం (19:30)

నేనూ ఫ్రేముకి మెత్తటిదే పెడతాను. జాలీ తీసి ఉంచిన రోజుల్లో కర్టెను దానికి తగిలినా ఏం కాదు.

రిటైర్డ్_ఓవర్సీర్ (19:44)

జాలీని నెలకోసారి ఉతకాలి. దుమ్ము పట్టిన జాలీలోంచి గాలి రాదు, దోమల బాధ తప్పించుకుని ఉక్కపోత కొనితెచ్చుకున్నట్టే. గరుకు పట్టీ జాలీకి ఉంటే ఉతికినప్పుడు బట్టల పోగులు, వెంట్రుకలు అన్నీ అందులో చిక్కుకుని నాలుగైదు ఉతుకులకి పట్టు పోతుంది. అందుకని నా ఓటు గరుకు పట్టీ ఫ్రేముకే.

సూదీదారం (19:50)

జాలీని బకెట్లో విడిగా జాడిస్తే ఏ పోగూ చిక్కుకోదు అన్నయ్యా. బట్టలతో కలిపి ఎవరు ఉతుకుతారు?

కొత్తకాపురం (20:20)

మా కర్టెను సరిగ్గా ఫ్రేము మీదే వేలాడుతుంది. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. రేపు ఉదయం ముక్క లాగి చూసి పెయింటు సంగతి చెప్తాను. సార్, ఇంకొక్కటి. వంటింట్లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఉంది. దానికీ ఇదే పద్ధతేనా?

రిటైర్డ్_ఓవర్సీర్ (20:41)

అల్యూమినియం మీద గమ్ చెక్క మీదకన్నా బాగా పడుతుంది. కానీ వంటింట్లో పోపు జిడ్డు ఉంటుంది. స్పిరిట్ గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా తుడవాలి. ముందు గడియ ఎటు వైపుందో చూడండి. లోపలికి పొడుచుకు వచ్చే గడియైతే జాలీకి తగులుతుంది, అక్కడ జాలీ ఉబ్బెత్తుగా నిలిచి పట్టీని తోస్తుంది. కింది పట్టాలో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటి మీద పట్టీ అంటించకండి, వాన నీళ్లు లోపలికి తిరుగుతాయి. ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.

బలగ_బాల్కనీ (20:50)

పావురాల జాలీకి విడిగా ఇంకో చర్చ మొదలుపెట్టమంటారా?

ఓనరమ్మ_విజయనగరం (20:58)

మొదలెట్టు బాబూ. బాల్కనీ గోడకి మేకు మాత్రం కొట్టకు, ముందు మీ ఓనర్ని అడుగు.